పాత పరుపుకు ఆరో షరతు

కాకినాడ మెయిన్ రోడ్డులోని గృహశోభ ఫర్నిచర్ దుకాణంలో సత్యవేణి పందొమ్మిదేళ్లుగా నిలబడే ఉన్నది. ఈ మాటను ఎవరూ అలంకారంగా తీసుకోనక్కరలేదు. ఆ దుకాణంలో సోఫాలూ కుర్చీలూ మంచాలూ కలిపి రెండు వందలకు పైబడి ఉంటాయి. వాటిలో ఏ ఒక్కదానిమీదా అమ్మేవాళ్లు కూర్చోరాదన్నది పెద్దాయన సూర్యప్రకాశరావుగారు దుకాణం తెరిచిన నాడే పెట్టిన కట్టుబాటు. కొనవచ్చిన వారిని "కూర్చుని చూడండి, మెత్తదనం తెలుస్తుంది" అని రోజుకు నలభైసార్లు ఆహ్వానించి, ఆ మెత్తదనాన్ని తాను మాత్రం అరచేత్తో నొక్కి చూపించి, రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వెళ్లి గచ్చుమీద చాప పరుచుకుని పడుకునేది. నలభైయేడో ఏట మోకాళ్లు మొరాయించినవి. వైద్యుడు మందులేవో రాసి, చివర "కూర్చుని చేసే పని చూసుకోండమ్మా" అన్నాడు. ఆ చీటీ ఆమె చేతిసంచిలో అట్లాగే ఉన్నది.

ఆమెకు ఉన్న ఆస్తి ఒక్కటే, చేతిరాత. గుండ్రంగా, ఎడం ఎడంగా, ఎంత దూరాన ఉన్నా చదవగలిగేట్లు రాస్తుంది. పెద్దాయన కాలంలో వాకిట నల్లబల్లమీద ఆషాఢం తగ్గింపులూ, దసరా ధరలూ ఆమే రాసేది. సామాను ఇంటికి పంపేటప్పుడు పరుపు సంచిమీద కొన్నవారి పేరు రాయడం నేటికీ ఆమె పనే. నల్లబల్ల పోయి ఫోన్లలో ప్రకటనలు వచ్చిన తర్వాత మాత్రం ఆ రాత విజయవాడలోని ఒక ఏజెన్సీ చేతికి పోయింది.

గడచిన దసరాకు ఆ ఏజెన్సీవారు పాత సోఫాల మార్పిడికి ఒక బొమ్మ తయారుచేశారు. పైన బంగారు అక్షరాలలో "ఏ పాత సోఫా అయినా సరే", అడుగున చీమ తలకాయంత అక్షరాలలో, చుక్కగుర్తు పెట్టి, "షరతులు వర్తిస్తాయి". పిఠాపురంనుంచి ఒక రైతు తన మూడు ముక్కల సోఫాలో రెండు ముక్కలు ట్రక్కు ఆటోలో వేసుకుని వచ్చాడు. మూడోది లేనిదే చెల్లదన్నారు. ఆ మనిషి ఎవరినీ తిట్టలేదు. ఆ రెండు ముక్కలనూ దుకాణం ముందు రోడ్డువార దింపించి, వాటిమీద కూర్చుని, వచ్చేపోయే వారందరికీ తన కథ సాయంకాలందాకా చెప్పాడు.

అందుచేతనే ఈసారి పెద్దాయన కొడుకు, చిన్నయజమాని మల్లిబాబు ఆమెను పైఅంతస్తులోని తన గదికి పిలిపించాడు.

"సత్యవేణక్కా, ఈసారి క్యాప్షన్ నువ్వే రాయి. షరతులన్నీ జనానికి అర్థమయ్యేట్టు ఉండాలి. పది రోజుల మేళాలో షరతుల గురించి ఒక్క తగాదా కూడా నా బల్లదాకా రాకపోతే, ఇకనుంచి ప్రకటనల పని మొత్తం నీదే. అదిగో, ఆ కిటికీ పక్క కుర్చీ నీది."

"వస్తే బాబుగారూ?"

"వస్తే ఏజెన్సీవాళ్లే నయం అనుకుంటాను."

ఆమె ఆ కుర్చీవైపు చూసింది. కాళ్లకు చిన్న చక్రాలున్న ఆఫీసు కుర్చీ, వెనుక నడుముకు ఆనుకునే మెత్త కూడా ఉన్నది. ఆ రాత్రి నాలుగు కాగితాలు చింపి అయిదోదానిమీద రాసినది ఇది:

"పాతది ఇవ్వండి, కొత్తది తీసుకెళ్లండి. ఈ నెల 12 నుంచి 21 వరకు. మీ పాత సోఫాకు ఆరు వేలు, పాత పరుపుకు రెండు వేలు కొత్తదాని ధరలో తగ్గిస్తాము. ముందు ఈ అయిదు షరతులు చదవండి, ఆ తర్వాతే బండి మాట్లాడుకోండి.
1. సోఫాకు సోఫా, పరుపుకు పరుపు. ఒక కొత్తదానికి ఒక పాతదే.
2. కొత్త సోఫా ముప్పై వేలు, కొత్త పరుపు పన్నెండు వేలు దాటి ఉండాలి.
3. సోఫా అన్ని ముక్కలూ తేవాలి. చట్రం విరిగి ఉండకూడదు.
4. తడిసిన, చిరిగిన, నల్లులు పట్టిన పరుపు తీసుకోము.
5. తెచ్చే బండి ఖర్చు మీది. వేరే తగ్గింపులు దీనితో కలవవు."

మల్లిబాబు చదివి, "ముందే షరతులు చెబితే ఎవడొస్తాడక్కా?" అన్నాడు గాని, మార్చలేదు. ఎనిమిది రోజులు మేళా నూనె పోసిన బండిలా నడిచింది. వచ్చినవారు ఫోను చేతబట్టుకుని, తమ షరతులు తామే అప్పజెప్పుకున్నారు. ఒకామె నల్లులు లేవని నిరూపించడానికి పరుపును రెండు రోజులు డాబామీద ఎండలో ఉంచిన ఫొటోలు కూడా తెచ్చింది. దింపిన పాత సామాను వెనుక గోదాములో పోగుపడుతున్నది. దానిని వారానికొకసారి పాతసామాను వ్యాపారి వచ్చి టోకున ఎత్తుకుపోతాడు. ఆ సామానుతో దుకాణానికి వచ్చేది ఏమంత లేదు. పాతది ఇంట్లో అడ్డు తొలగితేనే జనం కొత్తది కొంటారన్నది అసలు కిటుకు. ఈ సంగతి సత్యవేణికి తెలుసు. తెలిసే, ఆ పాత సామానును కూడా ఎవరిదో ఇంటి వస్తువన్నట్లు గౌరవంగా దింపించేది.

తొమ్మిదో నాడు పదకొండు గంటల వేళ ఒక ట్రక్కు ఆటో వచ్చి ఆగింది. అందులో ఒకదానిమీద ఒకటిగా నాలుగు పరుపులు. వాటి పైన, పంచె సర్దుకుని, గొడుగు ఒళ్లో పెట్టుకుని, అపరకర్మలు చేయించే ఆకొండి సోమయాజులుగారు. ఊళ్లో ఎవరు పోయినా ముందు ఆయనకే కబురు పోతుంది. అందువల్లనే ఏమో, ఆయన లోపలికి అడుగుపెట్టగానే సోఫాలు చూస్తున్న దంపతులిద్దరు ఇంకో మూలకు జరిగారు.

"కంగారుపడకండి నాయనా, నేను పరుపు కొనడానికొచ్చాను" అన్నారాయన వారివైపు చూసి. తర్వాత సత్యవేణితో, "ఈ షరతులు రాసిందెవరమ్మాయ్?"

"నేనేనండి. ఏమైనా తేడా వచ్చిందాండి?"

"తేడా లేదు, అంత శుభ్రంగా రాశావు. ఒకటి, పరుపుకు పరుపు. తెచ్చాను. రెండు, పన్నెండు వేలు దాటింది. కొంటాను. మూడు నాకు వర్తించదు. నాలుగు, తడవలేదు, చిరగలేదు, నల్లికి ఇంకా వీటి చిరునామా తెలియదు. అయిదు, బండి నాదే."

"మరి నాలుగు తెచ్చారేంటండి? ఒకదానికి ఒకటే కదండి."

"ఎరుగుదును. ఏది నచ్చుతుందో మీకు, ఏరుకుంటారని తెచ్చాను."

దించే కూలీ నూకరాజు నవ్వాపుకోలేక తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వాడు ఆటో ఎక్కి పరుపులను తట్టి చూశాడు. నాలుగూ ప్లాస్టిక్ సంచులలో ఉన్నవి; ఒక్కదానికీ మూతి విప్పలేదు.

"అక్కోయ్, ఇయ్యి పాతయ్యా, కొత్తయ్యా?" అని అడిగాడు.

అవి శయ్యాదానం పరుపులని సత్యవేణికి చూడగానే తెలిసింది. పోయినవారికి పై లోకంలో సుఖనిద్ర కలగాలని పదకొండో నాడు మంచం, పరుపు, దిండు, గొడుగు, చెప్పులు దానమిస్తారు. నెలకు నాలుగైదయినా ఆమె చేతిమీదుగానే అమ్ముడవుతాయి. కొత్త పరుపును పాత పరుపుగా తీసుకోవచ్చునా? కూడదని తన షరతుల్లో ఎక్కడా లేదు. లేనిదాన్ని ఇప్పుడు కల్పిస్తే అది చుక్కగుర్తుకన్న హీనం.

"పంతులుగారూ, ఇంత మంచి పరుపులు ఇంట్లో పెట్టుకుని ఇంకోటి కొనడమెందుకండి?" అని నెమ్మదిగా అడిగింది.

"అది మా ఆవిడ సోమిదేవమ్మ నడుము సంగతి తల్లీ. ఆమెకు మెత్త కావాలి. వీటిమీద మాత్రం పడుకోదు. కన్ను మూసిందంటే ఆ పోయినవాళ్లు వచ్చి 'కొంచెం జరుగమ్మా' అంటారట. నలభై ఏళ్లుగా చెబుతున్నాను, రారే అని. వినదు. ఇల్లంతా పరుపులు, మేమిద్దరం చాపమీద."

చాప అన్నమాట వినేసరికి, తానూ చాపమీద పడుకునే సత్యవేణి ఇక అడ్డు చెప్పలేదు. ఆయన పధ్నాలుగు వేల పరుపు ఒకటి చూసి, అరచేత్తో నొక్కి, ఒప్పుకున్నారు. నూకరాజు నాలుగింటిలో మందంగా, బరువుగా ఉన్నది ఒకటి ఏరి భుజాన వేసుకుని గోదాములోకి పోయాడు. బిల్లు అచ్చయింది, పాత పరుపు ఒకటి ముట్టినట్లు, రెండు వేలు తగ్గించినట్లు. మిగిలిన మూడింటిమీద కొత్త పరుపు కూడా ఎక్కించడానికి ఆటో సిద్ధమయింది.

పాత సామాను లెక్క చీటీ అతికించడానికి సత్యవేణి గోదాములోకి వెళ్లింది. నూకరాజు ఆ పరుపును గోడకు నిలబెట్టి ఉన్నాడు. సంచిమీద నల్లసిరాతో, గుండ్రంగా, ఎడం ఎడంగా, ఎవరో రాశారు: "కీ.శే. సూర్యప్రకాశరావుగారి శయ్యాదానం."

ఎవరో కాదు, తానే. పెద్దాయన పోయి పదకొండు నెలలయింది. పదకొండో నాటికి మల్లిబాబు దుకాణంలోని పరుపులలోకెల్ల మేలైనది తీయించి, "నాన్నగారి పేరు నువ్వే రాయక్కా" అన్నాడు. ఏడుస్తూ రాసింది. ఇప్పుడా అక్షరాలు తన ముఖంలోకే చూస్తున్నవి.

ఆమె చేతిలోని చీటీ అతికించలేదు. దానం ఇచ్చినది ఇచ్చినవాడే తిరిగి పుచ్చుకోవడం కన్న తప్పు లేదని ఈ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కాని ఇది పుచ్చుకోవడమా? రెండు వేలకు తీసుకున్నాం కదా. పంతులుగారి సొత్తు ఆయన మారకం వేసుకున్నారు, ఆయన తప్పేమున్నది? దుకాణం తప్పేమున్నది? అసలు షరతుల్లో తప్పేమున్నది? తప్పు ఎక్కడా లేకుండానే తండ్రి పరుపు కొడుకు గోదాములోకి వచ్చి నిలుచున్నది. చెప్పకుండా ఊరుకుంటే శనివారం వ్యాపారి వచ్చి ఎత్తుకుపోతాడు, కిటికీ పక్క కుర్చీ తనదవుతుంది. చెబితే, తగాదాను తన చేతులతోనే ఆ బల్లదాకా మోసుకుపోయినట్లు.

"ఏంటక్కా అలా నిలబడిపోయావు? ఏం రాసుంది దానిమీద?" అన్నాడు చదువురాని నూకరాజు.

"నా రాత" అన్నది సత్యవేణి. మెట్లవైపు నడిచింది. పద్దెనిమిది మెట్లు; ఒక్కొక్కదానికీ ఆగి ఎక్కింది.

మల్లిబాబు విని, మొదట లేచి నిలుచున్నాడు, తర్వాత కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. గోదాములోకి వచ్చి ఆ పేరు చదివి, సంచి మూతి తడిమి చూశాడు.

"సంచి కూడా విప్పలేదేంటక్కా?" అన్నాడు. గొంతు పిల్లవాడిదిలా ఉన్నది. "నాన్నగారికి నడుంనొప్పి కదా. అక్కడైనా మెత్తగా పడుకుంటారని కదా ఇచ్చాను. ఎవరూ దీనిమీద పడుకోలేదా?"

సోమయాజులుగారిని పిలిచారు. ఆయన సంచిమీది అక్షరాలు చదువుకుని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చిక్కే వచ్చింది. ఎవరిది ఎవరిదో చూసుకోకుండా ఆటోలో వేయించాను నాయనా. ముసలితనం."

"మీరు విప్పనేలేదు పంతులుగారూ."

"విప్పలేదు. కాని పడుకున్నాను. ఆనాడు మీ ఇంట్లో, మంచంమీద దీన్ని పరిచి, సంచితోనే, నన్ను పడుకోమని నువ్వే నా కాళ్లు పట్టుకుని ఎత్తి పెట్టావు. జ్ఞాపకం లేదా? మీ నాన్నగారికి అప్పుడే అందిపోయింది. ఆ తర్వాత ఇది మిగిలింది పరుపుగానే."

మల్లిబాబుకు కొంత ఊరట కలిగినట్లు తోచింది. వెంటనే మళ్లీ కంగారు పట్టుకున్నది.

"మరి ఇప్పుడు నేను వెనక్కి పుచ్చుకున్నట్టేనా? బిల్లు కూడా అయిపోయింది కదండి. పాపమేనా?"

"అది నన్నడిగితే ఎలా బాబూ? రెండు వేలు తగ్గించుకుంది నేను. కాదంటే నా లాభానికి అన్నానంటావు. అవునంటే పరుపు కొనకుండా పోవాలి."

"అయితే ఎవరినడగాలండి?"

ఆయన గడ్డం గోక్కుని, "ఇంకో పంతుల్ని అడిగితే నాకంటే ఎక్కువ పుచ్చుకుంటాడు" అన్నారు.

నూకరాజు, "ఆటోలో ఇంకా మూడున్నాయి కదండి, ఇది అందులో పెట్టేసి ఇంకోటి దింపుతాను" అన్నాడు. అది మంచిమాటే. కాని మల్లిబాబు ఆ పరుపువైపే చూస్తూ, "గడప దాటి లోపలికొచ్చేసింది కదరా. ఊరికే బయటికి గెంటేస్తామా, నాన్నగారిది?" అన్నాడు.

అప్పుడు సత్యవేణి అన్నది: "గెంటడమెందుకు బాబుగారూ? వచ్చిందంటారా, వచ్చిందే అనుకుందాం. మళ్లీ ఇచ్చెయ్యండి. ఆయన ఇక్కడే ఉన్నారు, మీరూ ఉన్నారు. దానికి బదులు ఆటోలోది ఒకటి మనం తీసుకుంటే బిల్లు బిల్లులాగే ఉంటుంది. ఒకదానికి ఒకటే."

సోమయాజులుగారు ఆమెవైపు కొత్తగా చూశారు. "ఒకసారి ఇచ్చింది రెండోసారి ఇవ్వకూడదని నేనెక్కడా చదవలేదు. నీళ్లు ఉన్నాయా?"

మంచినీళ్ల సీసా ఉన్నది. పాత పరుపుల మధ్య, ఎవరెవరి ఇళ్లనుంచో వచ్చిన సోఫాల నడుమ, మల్లిబాబు చెప్పులు విడిచి, తండ్రి పేరు, గోత్రం చెప్పి, సోమయాజులుగారి అరచేతిలో నీళ్లు విడిచాడు. ఇది నాది కాదు, అన్నాడు. ఆయన దక్షిణకు చెయ్యి చాపలేదు. మల్లిబాబే జేబులోంచి తీసి పెట్టాడు. నూకరాజు పరుపును మళ్లీ భుజాన వేసుకుని ఆటోకు నడిచాడు. దాని చోట సన్నపాటి కొబ్బరిపీచు పరుపు ఒకటి వచ్చి గోడకు నిలబడింది. ఈసారి సంచిమీద పేరు ముందుగా చదివారు. దూరపు ఊరి చమురు వ్యాపారి ఎవరో. అతనికి ఈ దుకాణంతో సంబంధం లేదు.

"ఇంటికెళ్లాక ఇది మాత్రం విప్పిస్తాను నాయనా" అన్నారు సోమయాజులుగారు ఆటో ఎక్కుతూ. "మా ఆవిడ కొత్తదానిమీద, నేను మీ నాన్నగారి దానిమీద. ఆయన వచ్చి జరగమంటే జరుగుతాను, పాత స్నేహమే."

ఆటో మలుపు తిరిగేదాకా మల్లిబాబు వాకిట్లోనే నిలుచున్నాడు. సత్యవేణి వెనుక నిలుచున్నది. అడగకుండా ఉండలేకపోయింది.

"బాబుగారూ, ఇప్పుడు ఇది తగాదా కిందికి వస్తుందాండి?"

"నాకూ తెలియడం లేదక్కా. నా బల్లదాకా వచ్చిన మాట నిజం. తెచ్చింది నువ్వే." అతను కొంచెంసేపు ఆలోచించాడు. "నువ్వు పైన కిటికీ పక్కన కూర్చునుంటే ఇది ఎవరు చూసేవారు? శనివారం లారీ ఎక్కిపోయేది. నిన్ను పైకి పంపితే కింద ఎవరుంటారు? కింద ఉంచితే నీ మోకాళ్లు..."

ఈ చిక్కు అతనికి తెమలలేదు. చివరకు నూకరాజును కేకవేశాడు. కిటికీ పక్క కుర్చీ పద్దెనిమిది మెట్లూ దిగి వచ్చి, గోదాము గుమ్మానికి పక్కగా, పాత సామాను దింపే చోట నిలిచింది. పెద్దాయన కట్టుబాటుకు ఇది భంగమా కాదా అని పనివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమ్మకానికి పెట్టిన కుర్చీ కాదు గనుక కాదని ఒకరు, అమ్మేమనిషి కూర్చున్నది గనుక అవునని ఒకరు అన్నారు.

"ప్రకటనలు ఇక్కడే కూర్చుని రాసుకో. వచ్చిన పాతదీ ఇక్కడినుంచే చూడు" అన్నాడు మల్లిబాబు. "ముందు ఆ షరతుల్లో ఇంకోటి చేర్చు. ఇలాంటిది మళ్లీ రాకూడదు."

సత్యవేణి కూర్చున్నది. పందొమ్మిదేళ్ల తర్వాత దుకాణం నేల ఒక్కసారిగా అంత దగ్గరగా కనిపించేసరికి కాసేపు ఏ వైపు చూడాలో తెలియలేదు. కాగితం ఒళ్లో పెట్టుకుని ఆరు అని అంకె వేసింది. దానం పరుపులు తీసుకోము, అని రాసి కొట్టేసింది. సోమిదేవమ్మలాంటి వాళ్లు చాపమీదే పడుకోవలసి వస్తుంది. మీరు వాడినవే తేవాలి, అని రాసి కొట్టేసింది. కాసేపు పడుకున్నది వాడినట్లా కాదా? మా దుకాణంలో కొన్నవి వద్దు, అన్నది కూడా నిలవలేదు. ఊళ్లో సగం పరుపులు ఇక్కడివే. సాయంకాలానికి కాగితంమీద మిగిలినది ఇది:

"6. మీరు తెచ్చినది ఎవరిదో, మీ ఇంటికి ఎట్లా వచ్చిందో గుమ్మం దగ్గరే అడుగుతాము. విసుక్కోకుండా చెప్పండి."

మల్లిబాబు చదివి, "ఇది షరతా అక్కా?" అన్నాడు.

"ఏమో బాబుగారూ" అన్నది సత్యవేణి, కుర్చీ వెనుకటి మెత్తకు నడుము ఆన్చి. వాకిట్లో ఇంకో ట్రక్కు ఆటో ఆగిన చప్పుడయింది. ఆమె లేవబోయి, లేవనక్కరలేదని జ్ఞాపకం వచ్చి, మళ్లీ కూర్చున్నది.